గ నుంచి మ దాకా

వెలుగోడు, ఆళ్లగడ్డ వైపు ఊళ్లలో రామాలయం భజన చూసి, నలభై దాటాక హార్మోనియం నేర్చుకోవాలనిపించే వాళ్లుంటారు. వాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు వేళ్లు కాదు, చెవి. ఇన్నేళ్లుగా విన్న పాట మనసులో సాఫీగా సాగిపోతుంటుంది, వేళ్లు ఆ వేగాన్ని అందుకోవాలని పరుగెడతాయి. పిల్లలకు ఈ బాధ తక్కువ, వాళ్ల తలలో అంత పాట ఇంకా చేరలేదు కదా.

అందుకే పాట పక్కన పెట్టి, మాయామాళవగౌళలో మొదటి సరళివరుస పట్టుకోవాలి. ఈ పద్ధతి పురందరదాసుది (1484–1564) అని సంప్రదాయం చెబుతుంది. ఒకటి శ్రుతిలో, అంటే జంట నల్లమెట్లకు ఎడమవైపున్న తెల్లమెట్టును 'స'గా పెట్టుకుంటే, ఆ జంటలో మొదటిది 'రి', మూడు నల్లమెట్ల గుంపులో నడిమిది 'ద'. మిగతావన్నీ తెల్లవే. స, రి, గలకు బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు సరిపోతాయి. 'మ' దగ్గర బొటనవేలు నడిమివేలి కిందుగా దూరి రావాలి. దిగేటప్పుడు 'మ' మీదున్న బొటనవేలి పైనుంచి నడిమివేలు దాటి 'గ'ను అందుకోవాలి. తప్పులు ఎక్కువగా జరిగేది ఈ రెండు చోట్లే.

రోజుకు పావుగంట చాలు. మొదటి రెండు నిమిషాలు 'స' ఒక్కటే పట్టి, ఎడమచేత్తో తిత్తిని నిదానంగా ఊదాలి. స్వరం మారినప్పుడల్లా తిత్తిని కుదిపితే శబ్దం ఎగిసి పడుతుంది. తర్వాత అయిదు నిమిషాలు గ-మ, మ-గ మాత్రమే. మిగిలిన సమయంలో తాళానికి అక్షరానికో స్వరం చొప్పున మొత్తం వరుస వాయించాలి. సెకనుకో అక్షరమైతే ఎక్కడానికి 8 సెకన్లు, దిగడానికి 8. ఎనిమిది నిమిషాల్లో ముప్ఫై సార్లు అవుతుంది. ఆదివారం రెండు గంటలు కూర్చుని వారమంతా మూత తియ్యకపోతే ఇంత రాదు, ఎందుకంటే అలసిన వేళ్లు చివరి గంటలో తప్పునే సాధన చేస్తాయి.

వేగం ఎప్పుడు పెంచాలి? మూడుసార్లు వరసగా తప్పు లేకుండా వస్తేనే రెండో కాలం. వాయిస్తుండగా మన తప్పు మనకు వినిపించదు, ఫోనులో రికార్డు చేసి వినాలి. 'మ' ముందు చిన్న ఖాళీ వినిపించినా, 'గ' 'మ' ఒకదాని మీదొకటి పడి కలిసి మోగినా, ఇంకా మొదటి కాలంలోనే ఉండాలి. మెడ, భుజం బిగుసుకుంటున్నాయంటే కూడా వేగం ఎక్కువైనట్టే.

ఒక మాట ముందే తెలిసి ఉండాలి. మెట్ల మధ్య స్వరం జారదు కాబట్టి గమకం ఈ వాద్యంలో పలకదు. 1940లో ఆకాశవాణి దీన్ని దూరం పెట్టడానికి అదీ ఒక కారణం. భజనకు ఆ లోటు పెద్దగా అడ్డం కాదు. భజనలో అసలు ఇబ్బంది గాయకుడు "ఒకటిన్నర శ్రుతి పెట్టన్నా" అన్నప్పుడు వస్తుంది. 'స' నల్లమెట్టు మీదికి జరుగుతుంది, బొటనవేలు దానికి అనువుగా ఉండదు, చూపుడువేలితో మొదలుపెట్టాలి. నేర్చుకున్న వేళ్ల వరస పనికి రాదు. మళ్లీ మొదటి కాలం, మళ్లీ పావుగంట.