దిక్కు అనే మాట

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. వలలు కుట్టుకునేవాళ్లు, ఇంజన్లు విప్పుకునేవాళ్లు తప్ప సందడి ఉండదు. ఆ రోజుల్లో జెట్టీ మీద నిలబడితే పాతపట్నం వైపున్న కొండలు తీరిగ్గా కనిపిస్తాయి. ఒక కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒక కొండ మీద చర్చి, ఇంకో కొండ మీద ఇషాక్ మదీనా ఔలియా దర్గా. రేవులోకి వచ్చే ఓడలూ వెళ్లే ఓడలూ ఈ దర్గాకు మూడుసార్లు జెండా ఎత్తి దించేవనీ, ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు కూడా వెండి పడవలు చేయించి ఇచ్చేవారనీ బ్రిటిషు కాలపు జిల్లా గెజెటీరులో రాసి ఉంది.

మొక్కు తీర్చుకునేవాళ్లు ఇప్పటికీ దర్గాల్లో ఫాతిహా చదివిస్తారు. మిఠాయి పొట్లం, అగరొత్తులు, పూలచాదరు ముజావరు ముందు పెట్టి చేతులు జోడించుకుని కూర్చుంటారు. ఆయన ఫాతిహా అధ్యాయం ఒకసారి చదివి, తర్వాత ఒక చిన్న అధ్యాయాన్ని వెంటవెంటనే మూడుసార్లు చదివి, దరూద్‌తో ముగిస్తాడు. ఎక్కువ చోట్ల పద్ధతి ఇదే. ఆ మూడుసార్లు వినిపించేది ఖుర్‌ఆన్‌లో 112వ అధ్యాయం, సూరా ఇఖ్లాస్. నాలుగే వాక్యాలు, మొత్తం 15 మాటలు. ఇంట్లో మేం దాన్ని దాని తొలి మాటలతో "ఖుల్ హువల్లా" అనే పిలిచేవాళ్లం. ఇఖ్లాస్ అంటే కల్తీ లేకుండా చేయడం. విచిత్రమేమంటే ఆ మాట అధ్యాయంలో ఎక్కడా రాదు. అందులో ఉన్న విషయాన్ని బట్టి వచ్చిన పేరు అది.

ఈ అధ్యాయం ఎందుకు వచ్చిందో తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉబై బిన్ కఅబ్ చెప్పిన కథనం ఉంది. మక్కా బహుదైవారాధకులు ముహమ్మద్ ప్రవక్త (స) దగ్గరకు వచ్చి, నీ ప్రభువు వంశం ఏమిటో చెప్పమని అడిగారట. అడిగినవాళ్లు యూదులని, అది మదీనాలో జరిగిందని చెప్పే కథనాలూ ఉన్నాయి. అందుకే ఇది మక్కా అధ్యాయమా మదీనా అధ్యాయమా అన్న చర్చ పండితుల్లో మిగిలింది. ఎక్కువమంది మక్కా వైపే మొగ్గారు. నాకు మాత్రం ఊరికన్నా ఆ ప్రశ్నే ముఖ్యం అనిపిస్తుంది. అరబ్బు తెగల్లో మనిషిని పోల్చుకునేది వంశంతోనే. మన పెళ్లి సంబంధాల్లో మొదట ఇంటిపేరు, ఆ తర్వాత ఎవరి తాలూకు అని అడిగినట్టే వాళ్లూ అడిగారు. జవాబు కూడా చుట్టరికపు భాషలోనే వచ్చింది. ఆయనకు సంతానం లేదు, ఆయన ఎవరి సంతానమూ కాదు, ఆయనకు సరితూగేవాడు లేడు అన్నది దాని సారం. సరిజోడు అనే అర్థంలో అక్కడ వాడిన "కుఫువ్" అనే మాటా, ముస్లిం కుటుంబాల్లో సంబంధం కలుస్తుందా లేదా అని చూసేటప్పుడు వినిపించే "కుఫూ" అనే మాటా ఒకటే. తెలుగులో ఉజ్జీ అనవచ్చు. వంశవృక్షం గీద్దామని వచ్చినవాళ్లకు కింది కొమ్మ లేదు, పై వేరు లేదు, పక్క జత లేదు అని చెప్పారన్నమాట.

దీన్ని తెలుగులోకి తేవడం కనిపించినంత సులువు కాదు. అరబ్బీలో కనడం, కనబడడం ఒకే ధాతువు మీద అచ్చు మారితే వచ్చేస్తాయి: యలిద్, యూలద్. తెలుగులో అలాగే చేద్దామని "ఆయన కనలేదు, కనబడలేదు" అంటే కొంప మునుగుతుంది. కనబడలేదంటే మనకు కంటికి కనిపించలేదనే అర్థం. అందుకే అనువాదకులు సంతానం, పుట్టుక అని వాక్యాన్ని వేరే దారిలో నడిపించాల్సి వస్తుంది. మొదటి వాక్యంలోని "అహద్" విషయంలో మాత్రం తెలుగు మనకు సాయం చేస్తుంది. అరబ్బీలో లెక్కకు వచ్చే ఒకటి వాహిద్. దాని తర్వాత రెండు, మూడు వస్తాయి. అహద్ తర్వాత ఏమీ రాదు. మనం ఒకడు, ఒక్కడు అంటాం చూడండి, ఆ ఒత్తులో ఉన్న తేడా ఇంచుమించు అదే.

అసలు చిక్కు రెండో వాక్యంలోని "సమద్" దగ్గర వస్తుంది. ఖుర్‌ఆన్ మొత్తంలో ఈ మాట ఇక్కడ ఒక్కచోటే ఉంది. పాత వ్యాఖ్యాతలు దీనికి రెండు రకాల అర్థాలు చెప్పారు. అవసరం పడినప్పుడు అందరూ ఎవరివైపు నడుస్తారో ఆ పెద్ద అన్నది ఒకటి. లోపల బోలు లేనివాడు, అంటే తిండీ నీళ్లూ అక్కర్లేనివాడు అన్నది రెండోది. తెలుగు ఖుర్‌ఆన్‌లలో తరచు కనిపించే మాట "నిరపేక్షాపరుడు". అది రెండో సగాన్ని పట్టుకుంటుంది, మొదటి సగాన్ని వదిలేస్తుంది. ఎవరి అవసరమూ లేనివాడు మనకు ఆమడ దూరంలో ఉన్నట్టు తోస్తాడు. అందరూ ఆయన వైపే తిరుగుతారన్న సంగతి అందులో వినిపించదు.

నా మట్టుకు నాకు "దిక్కు" కంటే దగ్గరి మాట దొరకలేదు. సమద్ పుట్టిన ధాతువుకు ఒకవైపు గురిపెట్టి నడవడం అనే అర్థం ఉంది. దిక్కంటే మనకు తూర్పు పడమరలూ, ఆదుకునేవాడూ రెండూను. నడిసంద్రంలో దిక్సూచి లేని కాలంలో ఒడ్డు కొండల గుర్తులతో దారి పట్టుకున్న జాలరులకు ఈ రెండు అర్థాలూ వేరుకావు. అయితే దిక్కులో "అక్కర్లేనితనం" లేదు కాబట్టి, నేనైతే "తనకు వేరే దిక్కు అక్కర్లేని దిక్కు" అంటాను. గ్రంథంలో వేయడానికి అది పొడుగైపోతుందని తెలుసు.

సమద్‌ను ఇలా అర్థం చేసుకున్నాక, దర్గాలో ఇదే అధ్యాయం చదవడం మీద ముస్లింలలో ఎందుకు వాదన నడుస్తుందో తెలుస్తుంది. అందరి దిక్కూ ఒక్కడేనని చదివి, సమాధిలో ఉన్న ఔలియాను ఎలా అడుగుతారన్నది ఒక పక్షం. మేం అడిగేది అల్లాహ్‌నే, చదివిన పుణ్యాన్ని ఔలియాకు సమర్పిస్తున్నాం, అంతేనన్నది రెండో పక్షం. పుణ్యం సమర్పించడం వరకు నాకు పేచీ లేదు. అడగడం దగ్గర నేను మొదటి పక్షమే.

ఇక చదవడం సంగతి. చిన్నప్పుడు మక్తబ్‌లో మా హజ్రత్ నన్ను మొదటి అక్షరం దగ్గరే నెలల తరబడి ఆపేశారు. "ఖుల్" అంటే "చెప్పు". ఆ మొదటి హల్లు నాలుక మొదలు కొండనాలుక దగ్గర తాకితే పుట్టాలి. మనకు ఆ అక్షరమే లేదు. మామూలు క-కారంతో "కుల్" అంటే అరబ్బీలో "తిను" అని అర్థం. "ఏం బాబూ, దేవుడు తినమంటున్నాడా?" అని ఆయన వెక్కిరిస్తే తరగతంతా నవ్వేది. తెలుగు లిపి పుస్తకాల్లో దీన్ని ఖ-తో అచ్చేస్తారు. అదీ సరిపోదు, అరబ్బీలో ఖ లాంటి అక్షరం వేరే ఉంది. అహద్‌లోని హ గొంతు మధ్యలోంచి రాసుకుంటూ రావాలి. మన హ అంత లోపలికి పోదు.

నాలుగు వాక్యాలూ ద్-తోనే ముగుస్తాయి. ఆగినప్పుడు ఆ ద్ చిన్నగా ఎగిరిపడాలి. దీన్ని ఖల్ఖలా అంటారు. తెలుగువాడు తప్పేది ఇక్కడే. మన మాటలు అచ్చుతో ముగియడం అలవాటు కదా, తెలియకుండానే "అహదు, సమదు" అనేస్తాం. తప్పని చెబితే రెండో కొసకు పోయి "అహత్" అని నొక్కేస్తాం. ఎగిరిపాటు వినబడాలి కాని ఉకారం పుట్టకూడదు. పరీక్ష తేలిక: ద్ పలికాక పెదవులు గుండ్రంగా ముందుకు వచ్చాయా, ఉకారం పడిపోయినట్టే.

ఇంకో సూక్ష్మం. మొదటి వాక్యం దగ్గర ఆగకుండా రెండోదానిలోకి వెళితే, రెండు మాటల మధ్య ఒక "ని" పుట్టుకొస్తుంది: అహదునిల్లాహు. మొదటి వాక్యంలో "హువల్లాహు" అన్నప్పుడు ముందు అకారం ఉంది కాబట్టి ల్లా బరువుగా, నోరు నిండుగా పలుకుతుంది. ఇక్కడ ముందు ఇకారం వచ్చింది కాబట్టి అదే ల్లా తేలికైపోతుంది. ఒకే పేరు, రెండు బరువులు. లిపి చూసి నేర్చుకున్నవాడికి ఇది చస్తే తెలియదు.

ఇంత చిన్న అధ్యాయానికి ఇంత శ్రద్ధ ఎందుకంటే దాని ఫలం గురించి వచ్చిన హదీసులు అలాంటివి. బుఖారీలో అబూ సయీద్ ఖుద్రీ చెప్పిన సంగతి ఒకటుంది. ఒకాయన రాత్రంతా ఇదే అధ్యాయాన్ని తిప్పి తిప్పి చదువుతుంటే విన్న మరొకాయన, ఇదేం చదువు, మరీ తక్కువ కదా అన్న ధోరణిలో ప్రవక్తకు చెప్పాడు. ఇది ఖుర్‌ఆన్‌లో మూడో వంతుకు సమానమని ప్రవక్త ప్రమాణం చేసి చెప్పారు. ముస్లిం గ్రంథంలో ఇంకో సన్నివేశం ఉంది. అందరూ పోగవండి, మూడో వంతు ఖుర్‌ఆన్ చదివి వినిపిస్తానన్నారు ప్రవక్త. జనం చేరారు. ఆయన బయటికొచ్చి ఈ అధ్యాయం చదివి లోపలికి వెళ్లిపోయారు. జనం ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూశారు. ఆయన తిరిగొచ్చి, మీకు చెప్పిన మూడో వంతు అదేనన్నారు.

దర్గాలో మూడుసార్లు చదవడం వెనక ఉన్న లెక్క ఇదే: మూడు మూడో వంతులు కలిస్తే ఒక ఖుర్‌ఆన్. కానీ ఈ లెక్కకు హద్దుంది. సమానమైనది పుణ్యంలో మాత్రమే, బాధ్యతలో కాదు అంటారు పండితులు. ఖుర్‌ఆన్ పూర్తిగా చదువుతానని మొక్కుకున్నవాడు దీన్ని మూడుసార్లు చదివి మొక్కు తీరిందనలేడు. నమాజులో ఫాతిహాకు బదులు దీన్ని చదివితే చెల్లదు. మూడో వంతే ఎందుకంటే, ఖుర్‌ఆన్‌లో ఉన్నవి విధులు, హెచ్చరికలూ వాగ్దానాలూ, దేవుని గుణాలూ అని మూడు పాళ్లనీ, చివరి పాలు మొత్తం ఇందులో ఉందనీ ఇబ్న్ తైమియా వంటివారు వివరించారు.

పదిసార్లు చదివితే స్వర్గంలో భవనం అన్న హదీసు కేలండర్ల మీద ఎక్కువగా కనిపిస్తుంది. దాని పరంపర బలం మీద హదీసు విమర్శకులు ఏకాభిప్రాయానికి రాలేదు. బుఖారీలో నిలిచింది వేరే ఉంది: ప్రవక్త పడుకోబోయే ముందు దోసిలి పట్టి, దీన్నీ దీని తర్వాతి రెండు అధ్యాయాలనూ చదివి, చేతుల్లో ఊది, తల మొదలుకొని ఒళ్లంతా తడుముకునేవారు. మూడుసార్లు అలా చేసేవారని ఆయిషా చెప్పారు.

తెలుగు లిపి పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్లుంటే ఒక మనవి. ఫజర్ నమాజు అయ్యాక మీ మసీదు ఇమాం సాబ్ దగ్గర ఒక్క నిమిషం కూర్చుని, మొదటి అక్షరాన్నీ చివరి ద్-నూ వినిపించుకోండి. ఆయన ఆపితే ఆగండి.