ఫ్లాగ్ ఆపాక వచ్చే డబ్బు

ఆన్‌లైన్ దుకాణానికి కొత్త చెకౌట్ తయారైతే దాన్ని అందరికీ ఒకేసారి తెరవరు. ముందు నూటికి ఒకరికి, తర్వాత ఐదుగురికి, అంతా సవ్యంగా ఉంటే మిగతావాళ్లకి. కోడ్‌లో పాత దారీ కొత్త దారీ రెండూ ఉంటాయి. ఎవరిని ఎటు పంపాలో చెప్పేది ఫీచర్ ఫ్లాగ్.

ఆ నిర్ణయం పేజీ తెరిచిన ప్రతిసారీ చీటీ తీసినట్టు జరగకూడదు. అలా జరిగితే కొత్త పేజీలో అడ్రస్ ఇచ్చిన మనిషికి డబ్బు కట్టేచోట పాత పేజీ ఎదురవుతుంది. అందుకే ఫ్లాగ్ పేరు, యూజర్ నంబర్ కలిపి హ్యాష్ చేసి, 100తో భాగిస్తే మిగిలే శేషాన్ని చూస్తాం.

```
crc32("new-checkout:" + user_id) % 100 < 5
```

ఒక యూజర్‌కి ఎప్పుడు లెక్కవేసినా శేషం మారదు. 5ని 20 చేసినా మొదట వచ్చినవాళ్లు కొత్త దారిలోనే ఉంటారు. ఫ్లాగ్ పేరు కలపకపోతే ప్రతి ప్రయోగమూ అదే కొద్దిమంది నెత్తిన పడుతుంది. అది అన్యాయం.

లాగిన్ కాకుండా కొనేవాళ్లకు ఇది చాలదు. కుకీతో మొదలైన లెక్క, మధ్యలో లాగిన్ అవగానే మారిపోతుంది. కాబట్టి చెకౌట్ నొక్కిన క్షణంలోనే ఫ్లాగ్‌ని అడిగి, వచ్చిన జవాబును ఆర్డర్ రికార్డులో `checkout_version` అని రాసేయాలి. ఫ్లాగ్ సర్వర్ పలకకపోతే పాత దారే. ఆ తర్వాత ఏ పేజీ అయినా ఆ రికార్డునే చదవాలి తప్ప ఫ్లాగ్‌ని మళ్లీ అడగకూడదు.

నా దృష్టిలో ఈ ఏర్పాటు మొత్తానికీ ప్రాణం ఇదే. కొత్త దారిలో పేమెంట్లు విఫలమవుతున్నాయని సాయంత్రం 7:10కి ఫ్లాగ్ ఆపేశారనుకోండి. 7:08కి ఒకావిడ యూపీఐతో డబ్బు కట్టింది, అది పెండింగ్‌లో పడింది. పేమెంట్ అయినట్టు గేట్‌వే నుంచి కబురు 7:15కి వస్తుంది. అప్పుడు సర్వర్ ఫ్లాగ్‌ని చూస్తే ఆ కబురు పాత కోడ్‌కి వెళ్తుంది. దానికి కొత్త ఆర్డర్ రూపం తెలియదు. ఆవిడ ఖాతాలో డబ్బు పోయింది, ఆర్డర్ మాత్రం లేదు. ఆర్డర్ రికార్డు చూసే సర్వర్ దాన్ని కొత్త కోడ్‌కే అప్పగిస్తుంది. ఫ్లాగ్ ఆపితే కొత్తవాళ్లు లోపలికి రారు, అంతే. లోపలున్నవాళ్ల లెక్క తేల్చే కోడ్ బతికే ఉండాలి.

ఇక అంకెల సంగతి. రోజుకు 20,000 చెకౌట్లుంటే ఒక శాతం అంటే 200. పాత దారిలో నూటికి 90 పూర్తవుతుంటే ఇక్కడ 180 రావాలి. 174 వస్తే అది మామూలు ఒడిదుడుకే కావచ్చు, 120 వస్తే వెంటనే ఆపాలి. ఒక శాతంతో పెద్ద ప్రమాదం మాత్రమే కనబడుతుంది.

పని అయిపోయిన ఫ్లాగ్‌తోనూ ప్రమాదముంది. అమెరికాలో షేర్ల వ్యాపారం చేసే నైట్ క్యాపిటల్ సంస్థ 2012 ఆగస్టు 1న ఒక పాత ఫ్లాగ్‌ని కొత్త పనికి వాడింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానిలో పాత కోడ్ మిగిలిపోయి ఉంది, ఆ ఫ్లాగ్ అక్కడ దాన్నే నడిపించింది. సంస్థ సుమారు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. అందుకే వాడేసిన ఫ్లాగ్ పేరును ఇంకో పనికి పెట్టకండి. అందరూ కొత్త దారికి వచ్చి, పాత దారిలో చివరి ఆర్డర్ లెక్క తేలిన వారమే ఫ్లాగ్‌నీ పాత కోడ్‌నీ కలిపి తీసేయండి.