ముందుమాట: పన్నెండుతో మొదలు

ఈ చిన్న పుస్తకం రాసిన అమ్మాయి నా దగ్గర డిగ్రీలో లెక్కలు చదువుకుంది. తర్వాత బి.ఇడి. చేసి, ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటుగా లెక్కలే చెబుతోంది. ఎమ్మెస్సీ చదవాలన్న కోరిక ఇన్నేళ్లూ లోపలే పెట్టుకుని, చివరికి సీయూఈటీ పీజీ రాయడానికి సిద్ధమైంది. తను చదువుకోవడానికి వేసుకున్న ప్రణాళికనే, తనలాంటి టీచర్లకు పనికొస్తుందని, ఇలా శుభ్రంగా రాసి తెచ్చింది. "మాస్టారూ, తప్పులుంటే దిద్దండి, బాగుంటే నాలుగు మాటలు రాయండి" అంది. బాగుంది కాబట్టి రాస్తున్నాను.

ఆ పరీక్ష గణితం పేపరులో లీనియర్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్, కాల్క్యులస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు వంటివి చాలానే ఉన్నాయి. ఈ పుస్తకం వాటి జోలికి పోలేదు. గ్రూపులు, రింగులు, ఫీల్డులు, ఈ మూడింటికే కట్టుబడింది. అది మంచి నిర్ణయం. కాల్క్యులస్ పదేళ్ల తర్వాత తెరిచినా చేయి మళ్లీ పట్టు దొరికించుకుంటుంది. ఆల్జీబ్రా అలా కాదు. నిర్వచనాలు గుర్తున్నట్టే ఉంటాయి కానీ, ప్రశ్న ఎదురైతే ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు.

అందుకు ఆమె ఎంచుకున్న దారి ఇది. మూడు అంశాలను మూడు పుస్తకాల్లా విడివిడిగా చదవకుండా, Z₁₂ ని, అంటే 12 తో భాగిస్తే వచ్చే శేషాల సమితిని తీసుకుని, దాన్నే మూడుసార్లు చదవమంది. మొదట కూడిక ఒక్కటే ఉంచుకుని గ్రూపుగా. తర్వాత గుణకారం కూడా చేర్చి రింగుగా. ఆపైన దాని ఐడియల్స్‌తో భాగించి, ఎక్కడ ఫీల్డు వస్తుందో, ఎక్కడ రాదో చూస్తూ. ఈ పద్ధతి ఎంత పని చేస్తుందో చూపడానికి పుస్తకంలో నాకు బాగా నచ్చిన లెక్క ఒకటి చెబుతాను.

Z₁₂ నుంచి Z₃₀ కి ఎన్ని హోమోమార్ఫిజాలు ఉన్నాయి? గ్రూపులుగా చూస్తే, 1 ఎక్కడికి వెళ్తుందో చెబితే చాలు, మిగతావన్నీ తేలిపోతాయి. 1 వెళ్లే చోటును a అనుకుందాం. Z₁₂ లో 1 ని పన్నెండుసార్లు కూడితే సున్నా కాబట్టి, Z₃₀ లో 12a కూడా సున్నా కావాలి. అంటే a అయిదు గుణిజం కావాలి: 0, 5, 10, 15, 20, 25. మొత్తం 6. ఇది 12, 30 ల గ.సా.భా. అని ఏడో తరగతి పిల్లవాడికి కూడా కనబడుతుంది.

ఇప్పుడు అదే ప్రశ్న రింగులుగా అడిగితే ఒక షరతు కొత్తగా చేరుతుంది. 1 ని 1 తో గుణిస్తే 1 కాబట్టి, a ని a తో గుణిస్తే మళ్లీ a నే రావాలి. ఆ ఆరింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించాలి. 5 వర్గం 25, అది 5 కాదు, పోయింది. 10 వర్గం 100, అంటే 30 తో శేషం 10, నిలిచింది. 15 వర్గం 225, శేషం 15, నిలిచింది. 20 వర్గం 400, శేషం 10, పోయింది. 25 వర్గం 625, శేషం 25, నిలిచింది. సున్నా ఎలాగూ ఉంటుంది. మొత్తం 4. ఇక మూడో రూపంలో, 1 తప్పకుండా 1 కే వెళ్లాలని అడిగితే, 12 ని 1 తో గుణించినా Z₃₀ లో సున్నా రాదు కాబట్టి ఒక్కటి కూడా మిగలదు.

ప్రశ్న ఒక్కటే, జవాబులు మూడు: 6, 4, 0. పరీక్షలో ఇచ్చే నాలుగు ఐచ్ఛికాల్లో ఈ మూడూ ఉన్నా ఆశ్చర్యపడనక్కర్లేదు. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు ఒకటి కోత ఉన్నచోట, "నాకు వచ్చిన అంకె ఐచ్ఛికాల్లో ఉంది కాబట్టి నా లెక్క సరే" అనుకోవడం ప్రమాదం. రింగు హోమోమార్ఫిజం 1 ని 1 కే పంపాలా అన్న విషయంలో పుస్తకాలే ఒక మాట మీద లేవు. మన డిగ్రీ పుస్తకాలు ఎక్కువగా కూడిక, గుణకారం నిలిస్తే చాలంటాయి. అందుకని ప్రశ్నలో ఆ షరతు రాసి ఉందా లేదా అని ముందు చూసుకోమని ఆమె రాసింది. సరైన సూచన.

నాకు ఈ పుస్తకంలో అన్నిటికన్నా విలువైనదనిపించింది వేరే ఉంది. ఆమె టీచరు కాబట్టే అది రాయగలిగింది. బడిలో ఏళ్ల తరబడి చెప్పే కొన్ని మెట్లు ఇక్కడ మనకు తెలియకుండానే అడ్డం వస్తాయి. x² = 1 అయితే, (x − 1)(x + 1) = 0 అని రాసి, రెండింటిలో ఏదో ఒకటి సున్నా కావాలని, కాబట్టి x విలువలు రెండేనని పిల్లలకు చెబుతాం. Z₁₂ లో 5 ని పెట్టి చూడండి. 4 ని 6 తో గుణిస్తే 24, అంటే సున్నా. రెండూ సున్నా కాకుండానే లబ్ధం సున్నా అయింది. లెక్కపెడితే ఈ సమీకరణానికి 1, 5, 7, 11 అని నాలుగు మూలాలు. అలాగే 4x = 4y అయితే x = y అని కొట్టేయడం ఇక్కడ కుదరదు, ఎందుకంటే 4 ని 1 తో గుణించినా, 4 తో గుణించినా Z₁₂ లో 4 నే వస్తుంది.

ఇలాంటివాటికి ఆమె ఒక నోటుబుక్కు పెట్టమంది. తప్పు చేసిన ప్రతి లెక్క పక్కన సరైన జవాబు రాసి ఊరుకోకుండా, ఏ అలవాటు వల్ల తప్పు వచ్చిందో రాయాలి: "కొట్టేశాను", "ab ని ba అనుకున్నాను", "మూలాలు రెండే అనుకున్నాను". కొన్ని వారాలకు ఆ పేజీ చూస్తే, తప్పులు రకరకాలుగా కనిపించినా కారణాలు మూడో నాలుగో అని తేలుతుంది. డిగ్రీ పిల్లల జవాబు పత్రాలు దిద్దిన మనిషిగా దీనికి నేను సాక్ష్యం చెప్పగలను.

బడి అలవాటు మేలు చేసే చోటు కూడా ఉంది. బహుపది విడగొట్టడానికి వీలుకానిదా అన్న ప్రశ్నకు, "మూలం లేదు కాబట్టి విడిపోదు" అని చాలామంది రాసేస్తారు. రెండో, మూడో ఘాతం వరకే ఆ మాట నిలుస్తుంది. x⁴ + 4 కు వాస్తవ మూలమే లేదు. అయినా 4x² కలిపి తీసేసి, రెండు వర్గాల భేదంగా రాస్తే (x² + 2x + 2)(x² − 2x + 2) అని విడిపోతుంది. వర్గం పూర్తిచేయడం రోజూ బోర్డు మీద చేసే టీచరుకు ఇది చేతిలో పని. ఎమ్మెస్సీ కోచింగుకు వెళ్లే కుర్రాళ్లకన్నా ఇక్కడ ఆమెకే పట్టు ఎక్కువ.

గ్రూపుల భాగంలో Z₁₂ పక్కనే A₄ ని నిలబెట్టడం కూడా మెచ్చుకోదగ్గది. రెండింట్లోనూ మూలకాలు పన్నెండే. Z₁₂ లో 12 కు ఉన్న ప్రతి భాజకానికీ ఒక సబ్‌గ్రూపు, సరిగ్గా ఒక్కటి, దొరుకుతుంది. దాన్ని చూసి లాగ్రాంజ్ సిద్ధాంతం తిరగేసినా నిజమేనని మనసులో స్థిరపడిపోతుంది. A₄ లో ఆరు మూలకాల సబ్‌గ్రూపు లేదు. ఎందుకు లేదో ఆమె రెండు వాక్యాల్లో చెప్పింది. ఉందనుకుంటే, అది గ్రూపులో సగం కాబట్టి ప్రతి మూలకపు వర్గమూ అందులో పడాలి. కానీ A₄ లో మూడు అక్షరాల చక్రాలు ఎనిమిది, ప్రతి ఒక్కటీ మరొకదాని వర్గమే, ఆరు మూలకాల్లో ఎనిమిది ఎలా పడతాయి? ఈ వాదన ఒకసారి సొంతంగా రాసినవాళ్లు దీన్ని బట్టీ పట్టనక్కర్లేదు.

ఇక కాలం సంగతి. గత కొన్నేళ్లుగా ఈ పరీక్ష మార్చి నెలలో వస్తోంది. మన పదో తరగతి పబ్లిక్ పరీక్షలూ అప్పుడే. సంక్రాంతి దాటాక పదో తరగతికి ప్రత్యేక తరగతులంటూ ఉదయం, సాయంత్రం కూడా బడిలోనే గడుస్తుంది. చివరి రెండు నెలల్లో చదువుదామనుకునే ప్రణాళిక ఏదైనా టీచరు విషయంలో అక్కడే కూలిపోతుంది. అందుకని ఆమె జూన్‌లో బడి తెరిచినప్పుడే మొదలుపెట్టి, దసరా సెలవుల్లోపు గ్రూపులు ముగించి, సంక్రాంతిలోపు రింగులు, ఆ సెలవుల్లో ఫీల్డులు అని వేసింది. ఫిబ్రవరిలో కొత్తది ఏదీ లేదు, తప్పుల నోటుబుక్కు, పాత ప్రశ్నపత్రాలు మాత్రమే. సమ్మెటివ్ పేపర్లు దిద్దే వారాలను ముందే ఖాళీగా వదిలేసింది. పనిరోజుల్లో ఒక్క లెక్క, దాన్నే గ్రూపుగా, రింగుగా మార్చి అడిగి చూసుకోవడం, అంతే. ఆదివారం మాత్రం గడియారం పెట్టుకుని కూర్చోవాలి.

ఒకచోట ఆమెతో విభేదించాను. ఫీల్డులన్నీ సంక్రాంతి సెలవులకే వదిలేయడం నాకు సమ్మతం కాలేదు. Z₁₂ ని 3 తో పుట్టే ఐడియల్‌తో భాగిస్తే ఫీల్డు వస్తుందని, 4 తో పుట్టేదానితో భాగిస్తే 2 ని 2 తో గుణించి సున్నా వస్తుంది కాబట్టి ఫీల్డు కాదని రింగుల దగ్గరే చూపించాం కదా. ఆ ఊపులోనే తొమ్మిది మూలకాల ఉదాహరణ చేసేయాలి. Z₉ ఫీల్డు కాదు, 3 ని 3 తో గుణిస్తే సున్నా. Z₃ మీది బహుపదులను x² + 1 తో భాగిస్తే మాత్రం తొమ్మిది మూలకాల ఫీల్డు వస్తుంది, ఎందుకంటే 0, 1, 2 ల్లో ఏదీ దాని మూలం కాదు. Z₅ మీద అదే x² + 1 తీసుకుంటే 2 మూలమవుతుంది, ఫీల్డు చెడుతుంది. ఈ మూడూ ఒకే సాయంత్రం పక్కపక్కన రాసుకోవాలి. ఆమె ఆలోచించి, దాన్ని డిసెంబరుకు మార్చింది.

ఇంకొకటి అడిగి రాయించాను. పెర్ముటేషన్ల గుణకారం కొన్ని పుస్తకాలు కుడి నుంచి ఎడమకు చేస్తాయి, కొన్ని ఎడమ నుంచి కుడికి. (1 2)(1 3) మొదటి పద్ధతిలో (1 3 2), రెండో పద్ధతిలో (1 2 3). ఇలా రెండు పెర్ముటేషన్ల లబ్ధానికి ఆర్డరు అడిగినా, సరియా బేసియా అని అడిగినా రెండు పద్ధతుల్లోనూ జవాబు ఒకటే. లబ్ధమే అడిగితే మాత్రం వేరు. రెండు పుస్తకాలు ముందు పెట్టుకుని చదివే టీచరు ఏ పుస్తకం ఎటు నుంచి చేస్తోందో మొదటి పేజీలోనే పెన్సిలుతో బాణం గీసి పెట్టుకోవాలి. గ్రూపుల అధ్యాయంలో ఆ బాణాలున్న పేజీ అలా వచ్చి చేరింది.