గజ్జల్లో కలుక్కుమనే నొప్పి

గర్భిణికి నాలుగో నెల దాటాక, కూర్చున్న చోటి నుంచి చటుక్కున లేస్తే గజ్జల్లో కలుక్కుమంటుంది. అడుగు తీసి అడుగు వేయలేక అక్కడే ఆగిపోతుంది. దీన్నే వైద్యులు రౌండ్ లిగమెంట్ నొప్పి అంటారు. గర్భసంచి పై మూలల నుంచి రెండు వైపులా తాడులాంటి కండ ఒక్కొక్కటి బయలుదేరి, ముందుకూ కిందికీ వచ్చి, గజ్జల్లోని సన్నని దారి గుండా దిగి, మర్మాంగం బయటి పెదవుల కొవ్వులో కలిసిపోతుంది. మామూలు రోజుల్లో దీని పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. నొప్పి పొత్తికడుపు పక్కన మొదలై గజ్జల్లోకి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగడానికి కారణం ఈ దారే.

గర్భం లేనప్పుడు 60, 70 గ్రాములుండే గర్భసంచి నెలలు నిండేసరికి కిలో దాకా పెరుగుతుంది. 12 వారాలకు అది కటి ఎముక పై అంచుకు వస్తుంది, 20 వారాలకు బొడ్డు దాకా చేరుతుంది. దానితోపాటు ఈ కండలూ లావెక్కి సాగుతాయి. అలా బిగువుగా ఉన్న కండ నిదానంగా సాగితే ఏమీ తెలియదు, ఒక్కసారిగా లాగితే పట్టేస్తుంది. లేచినప్పుడు, పక్క మీద ఒత్తిగిలినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా నవ్వినప్పుడు నొప్పి రావడం అందుకే. పెరిగే గర్భసంచి సాధారణంగా కాస్త కుడివైపుకు తిరుగుతుంది కాబట్టి ఎక్కువమందికి కుడి గజ్జల్లోనే వస్తుంది.

కొల్లేటి లంక గ్రామంలో ఐదో నెల గర్భిణి పీట మీద కూర్చుని రొయ్యలు వొలుస్తోందనుకుందాం. అరగంటగా మోకాళ్లు మడిచే ఉంది. వాకిట్లో ఎవరో పిలిస్తే నడుము పక్కకు తిప్పుతూ ఒక్క ఊపున లేచింది. కుడి గజ్జల్లో పొడిచినట్టయింది. వంగి, చేత్తో అక్కడ అదుముకుంది. పది, పదిహేను సెకన్లలో తీవ్రత తగ్గింది, నిమిషం గడిచేసరికి మందమైన సలుపు మాత్రం మిగిలింది. కడుపు మీద చెయ్యి వేస్తే మెత్తగానే ఉంది. రక్తం కనిపించలేదు, నీరు పోలేదు, జ్వరం లేదు. ఎడమవైపు తిరిగి పడుకుంటే ఆ సలుపూ పోయింది. ఇది అచ్చమైన రౌండ్ లిగమెంట్ నొప్పి. ఏ కదలికతో వచ్చిందో ఆవిడ చెప్పగలదు, ఆ కదలిక ఆగితే నొప్పీ ఆగుతుంది. దీన్ని నిర్ధారించే పరీక్ష వేరే లేదు. స్కానింగ్‌లోనూ కనిపించదు. మిగతా కారణాలు లేవని చూసుకున్నాకే వైద్యులు ఈ పేరు పెడతారు.

దీనికి మందు కంటే లేచే పద్ధతే ముఖ్యం. నేల మీద నుంచి లేచేటప్పుడు ముందు చేతులూ మోకాళ్ల మీదికి రావాలి. తర్వాత ఒక పాదం ముందుకు పెట్టి, మంచమో గోడో పట్టుకుని, ఊపిరి వదులుతూ లేవాలి. మంచం మీద నుంచైతే మోకాళ్లు మడిచి, ఒంటిని మొత్తం ఒకేసారి పక్కకు తిప్పి, కాళ్లు కిందికి జార్చి, చేతి ఊతంతో కూర్చోవాలి. వెంటనే నిలబడకుండా కాసేపు ఆగాలి. తుమ్ము వచ్చేలా ఉంటే ముందుగా తుంటి దగ్గర కాస్త వంగి, పొత్తికడుపు కింద చెయ్యి పెట్టుకుంటే కండ వదులవుతుంది. పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు ఉంటే మంచిది. లంగా బొందు కడుపు మీద బిగించి కట్టకూడదు. రొయ్యలు వొలిచే చోట పీటకు బదులు ఎత్తైన స్టూలు వేసుకుంటే లేవడం చాలా తేలిక.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు మందుల షాపులో నొప్పి బిళ్ల అడిగి తెచ్చుకోవడం, లేదా ఊళ్లో సూది వేయించుకోవడం. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీటిని తగ్గించగలవు. నెలలు నిండే కొద్దీ బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. తప్పనిసరైతే పారాసెటమాల్, అదీ వైద్యులు చెప్పిన మోతాదులో.

ఇక భయపడాల్సిన నొప్పులు. వాటికీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఒకటే: అవి కదలికతో నిమిత్తం లేకుండా వస్తాయి, విశ్రాంతికి లొంగవు. 37 వారాలకు ముందే కడుపు మొత్తం రాయిలా బిగిసి, వదిలి, మళ్లీ బిగుస్తూ, గంటలో నాలుగు నుంచి ఆరుసార్లు అలా అయితే అవి దొంగ నొప్పులో కాదో తేల్చాల్సింది ఇంట్లో పెద్దవాళ్లు కాదు, ఆసుపత్రిలో వైద్యులు. రేవు మెట్ల మీద జారిపడ్డాకో, బండి మీది నుంచి పడ్డాకో కడుపు గట్టిపడి నొప్పి ఆగకుండా ఉంటే మాయ గర్భసంచి గోడ నుంచి ఊడుతూ ఉండొచ్చు. రక్తం లోపలే నిలిచిపోయి బయటికి కనిపించకపోవచ్చు కూడా, కాబట్టి రక్తం లేదు కదా అని ఆగకూడదు.

గజ్జల నొప్పితోపాటు మూత్రం మంట, చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే అది మూత్రనాళ ఇన్ఫెక్షన్ కావచ్చు. చెరువుల గట్ల మీద పనికి వెళ్లే ఆడవాళ్లు మరుగుదొడ్డి లేక నీళ్లు తాగడం తగ్గిస్తారు, అది దీనికి తోడవుతుంది. మూత్రపరీక్షతో తెలుస్తుంది, మందులతో నయమవుతుంది, వదిలేస్తే మాత్రం నెలలు నిండకముందే కాన్పు రావచ్చు. కుడివైపు నొప్పి గంటలు గడిచే కొద్దీ పెరుగుతూ, వాంతులు, జ్వరం తోడైతే అపెండిసైటిస్‌ను అనుమానించాలి. కుడి పక్కటెముకల కింద నొప్పి, తలనొప్పి, చూపు మసకబారడం బీపీ పెరిగిన గుర్తులు. రెండో, మూడో నెలలో ఒక పక్క నొప్పి వచ్చి కళ్లు తిరిగితే రౌండ్ లిగమెంట్ పేరు తలవనే కూడదు. గర్భం గొట్టంలో నిలిచి, ఆ గొట్టం చిట్లి ఉండొచ్చు. ఏ నెలలోనైనా రక్తస్రావం, నీరు పోవడం, ఏడో నెల దాటాక బిడ్డ కదలిక తగ్గడం కూడా వెంటనే చూపించుకోవాల్సినవే.

తాడేపల్లిగూడెం లాంటి పట్టణంలో ఉండే గర్భిణికి ఏరియా ఆసుపత్రి ఊళ్లోనే ఉంటుంది. లంక గ్రామాల సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటిలోకి చేరినప్పుడు ఊళ్ల చుట్టూ నీళ్లే, రోడ్లు మునిగాయి. అందుకే వానాకాలంలో అక్కడివాళ్లు పై లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా చూద్దామనుకోకుండా 108కి చెప్పడం, ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రికో కైకలూరుకో బయలుదేరడం మేలు.

అలాంటి లక్షణాలేవీ లేక, లేచినప్పుడు మాత్రమే కలుక్కుమంటుంటే ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే గర్భిణుల ఉచిత పరీక్షల రోజున చెబితే సరిపోతుంది. అప్పుడు నాలుగు సంగతులు చెప్పాలి: ఎన్నో వారంలో మొదలైంది, ఏ కదలికతో వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే తగ్గుతోంది. గజ్జల్లో ఉబ్బు కూడా కనిపిస్తుంటే దాన్నీ చూపించాలి. ఈ కండ పక్కనున్న సిరలు ఉబ్బినా గర్భిణుల్లో అది హెర్నియాలా కనబడుతుంది. డాప్లర్ స్కానింగ్‌తో ఆ తేడా తెలిసిపోతుంది. సిరల ఉబ్బు అయితే ఆపరేషన్ అక్కర్లేదు, కాన్పయ్యాక దానంతట అదే తగ్గుతుంది.