మాన్యువల్ మూసి రాయండి
మా సీ ల్యాబ్ మేడం మొదటి వారం ఫస్టియర్ పిల్లలకు చెప్పే మాటల కోసం ఏటా గుమ్మం దగ్గర ఆగిపోతాను. అయిదు సంఖ్యల్లో పెద్దది కనుక్కునే ప్రోగ్రాం మాన్యువల్లో చేసే ఉంటుంది. “కీబోర్డు ముట్టుకోకండమ్మా. 7, 3, 9, 4, 8 ఇస్తే లూపు తిరిగిన ప్రతిసారీ `max`లో ఏముంటుందో కాగితం మీద రాయండి” అంటారు. మొదట 7తో మొదలై, 3 దగ్గర అలాగే ఉండి, 9 రాగానే మారి, చివరిదాకా 9గానే నిలుస్తుంది. “ఇక మాన్యువల్ మూసి సొంతంగా రాయండి. ఆగిపోతే ఆ ఒక్క లైనే చూసి మళ్లీ మూసేయండి.” నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతిది. అన్నీ మైనస్ సంఖ్యలే ఇమ్మంటారు: -5, -2, -8, -6, -3. `max = 0` అని మొదలుపెట్టినవాళ్లకు తెర మీద 0 వస్తుంది. ఇచ్చిన వాటిలో సున్నానే లేదు! గది నిశ్శబ్దమవుతుంది. మాన్యువల్లో `max = a[0]` అని ఎందుకుందో ఎవరో ఒక పిల్ల వెనక బెంచీ నుంచి మెల్లగా చెబుతుంది. మేడం ఆ అమ్మాయిని బోర్డు దగ్గరికి పిలిచి, సుద్దముక్క చేతికిస్తారు.