మునిగిన బోయా, దానిని పట్టిన తాడు - ఒక పాఠ్యగ్రంథ సమస్యపై విమర్శ

సముద్రంలో ఓడలకు దారి చూపడానికీ, లోతు తక్కువైన చోట్లను గుర్తించడానికీ బోయాలను తేలవేస్తారు. బోయా అంటే లోపల బోలుగా ఉండే పెద్ద బుడ్డ వంటిది. అలలకు కొట్టుకొని పోకుండా దానిని తాడుతోనో గొలుసుతోనో అడుగున ఉన్న లంగరుకు కట్టి ఉంచుతారు. నీటిమట్టం పెరిగి, తాడు పొడవు చాలక, బోయా పూర్తిగా మునిగిపోతే ఆ తాడులో తన్యత ఎంత? మన్సన్, యంగ్, ఓకిషి అనే అమెరికన్ ఆచార్యులు రచించి 1990లో మొదట ప్రకటించిన ప్రవాహి యాంత్రిక శాస్త్ర గ్రంథంలో ఈ ప్రశ్న ఒక సాధించిన ఉదాహరణగా కనిపిస్తుంది. ఇంజనీరింగు విద్యార్థులకు చిరపరిచితమైన ఈ సమస్యను ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా అర్థం చేసుకోగలడు. అందుచేత దాని గుణదోషాలను కొంచెం నిదానంగా పరిశీలించడం ఉపాధ్యాయులకు ఉపయోగకరం.

సమస్యలోని బోయా గోళాకారం. దాని వ్యాసం 1.5 మీటర్లు, భారం 8.50 కిలోన్యూటన్లు. సముద్రజలం ఘనమీటరుకు 10.1 కిలోన్యూటన్ల భారం కలది. గోళం ఘనపరిమాణం 1.767 ఘనమీటర్లు కాబట్టి, అది పూర్తిగా మునిగినప్పుడు తొలగించే నీటి భారం, అనగా ఉత్ప్లవన బలం, 17.85 కిలోన్యూటన్లు. ఇది బోయాను పైకి నెట్టుతుంది. క్రిందికి లాగేవి రెండు: బోయా స్వంత భారం, తాడు తన్యత. బోయా నిశ్చలంగా ఉన్నది కనుక పైబలం, క్రింది బలాల మొత్తం సమానం కావాలి. కాబట్టి తన్యత 17.85 నుండి 8.50 తీసివేయగా వచ్చే 9.35 కిలోన్యూటన్లు.

ఈ సాధనలో మెచ్చుకోదగినది ఒకటి ఉన్నది. బోయా ఉపరితలంపై నీరు అన్ని వైపుల నుండీ ఒత్తిడి కలిగిస్తుంది. ఆ ఒత్తిళ్లన్నిటి ఫలితమే ఉత్ప్లవన బలం. అయినా చాలామంది విద్యార్థులు ఉత్ప్లవన బలాన్ని ఒకసారి, నీటి పీడనాన్ని మరొకసారి లెక్కకు తెచ్చి తప్పు చేస్తారు. రెండిటిలో ఏదో ఒక్కదానినే వాడవలెనని గ్రంథకర్తలు స్పష్టంగా హెచ్చరించారు. ఈ హెచ్చరికను ప్రతి తరగతి గదిలోనూ చెప్పవలసిందే.

ఇక లోపాలు. నీటిమట్టం పెరిగిందని చెప్పి, మునిగిన తరువాతి స్థితిని మాత్రమే అడగడం మొదటిది. దీనివల్ల, నీరు ఎంత పెరిగితే తన్యత అంత పెరుగుతుందనే అపోహ విద్యార్థి మనస్సులో అలాగే ఉండిపోతుంది. జరిగేది వేరు. స్వేచ్ఛగా తేలే బోయా తన భారానికి సరిపడే నీటినే తొలగిస్తుంది. 17.85లో 8.50 అంటే నూటికి 47.6 వంతులు. గోళంలో అంత భాగం మునగడానికి నీటిమట్టం దాని అడుగు నుండి 73 సెంటీమీటర్ల ఎత్తున, కేంద్రానికి కొద్దిగా దిగువన, ఉండాలి. ఈ స్థితిలో తాడు సరిగ్గా నిటారుగా నిలిచి ఉన్నా తన్యత శూన్యమే. ఇక్కడి నుండి నీరు పెరిగితే తాడు సాగదు కనుక బోయా పైకి రాలేదు, మునిగే భాగం పెరుగుతుంది, తన్యత పుడుతుంది. నీరు కేంద్రం వరకు వచ్చేసరికి అది సుమారు 0.4 కిలోన్యూటన్లు. మొత్తం మీద నీరు 77 సెంటీమీటర్లు పెరిగేసరికి గోళం శిఖరం మునుగుతుంది; తన్యత 9.35 కిలోన్యూటన్లకు చేరుతుంది. ఆ తరువాత నీరు ఒక మీటరు పెరిగినా పది మీటర్లు పెరిగినా తన్యతలో మార్పు లేదు. తొలగించడానికి గోళంలో మిగిలిన భాగమేదీ లేదు కదా! లోతు పెరిగితే పీడనం పెరిగే మాట నిజమే. కాని గోళం పైభాగాన ఎంత పెరుగుతుందో క్రిందిభాగాన కూడా అంతే పెరుగుతుంది. ఆ రెండిటి భేదం మారదు.

రెండవ లోపం ఇంతకంటె పెద్దది. తాడు రెండవ కొన ఏమి చేస్తున్నదో సమస్య అడగదు. తాడు బోయాను ఎంత బలంతో క్రిందికి లాగుతుందో, లంగరును అంత బలంతో పైకి లాగుతుంది. కాంక్రీటు దిమ్మను లంగరుగా వాడదలిస్తే దాని భారం ఎంత ఉండాలని అడిగితే, 9.35 కిలోన్యూటన్లు చాలునని విద్యార్థి తడుముకోకుండా చెబుతాడు. ఆ జవాబు నమ్మి పని చేస్తే బోయా దక్కదు. దిమ్మ కూడా నీటిలోనే ఉన్నది. కాంక్రీటు ఘనమీటరుకు సుమారు 23.5 కిలోన్యూటన్లు తూగుతుంది. అందులో 10.1 నీరే మోస్తుంది. కాబట్టి గాలిలో 9.35 తూగే దిమ్మ సముద్రంలో 5.33 మాత్రమే తూగుతుంది. 9.35 కిలోన్యూటన్ల లాగుడుకు అది అడుగు వదిలి లేస్తుంది. బోయా లంగరును వెంట వేసుకొని తేలుతూ కొట్టుకొని పోతుంది. దిమ్మ కదలక నిలవాలంటే దాని భారం గాలిలో కనీసం 16.4 కిలోన్యూటన్లు ఉండాలి. అలలు, ప్రవాహాలు కలిగించే అదనపు లాగుడు కోసం వాస్తవంలో ఇంకా ఎక్కువే వేస్తారు.

ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకోలేదని మాత్రం గ్రంథకర్తలను తప్పుపట్టనక్కరలేదు. నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో పారితే ఈ గోళంపై అడ్డంగా కలిగే బలం సుమారు అర కిలోన్యూటన్. అది తాడును సుమారు 3 డిగ్రీలు వంచుతుంది, తన్యతను 9.36కు మించి పెంచదు. అయితే ఈ బలం వేగవర్గాన్ని అనుసరిస్తుంది. కాబట్టి వేగం మూడింతలయితే బలం తొమ్మిదింతలవుతుంది. అప్పుడు దానిని విడిచిపెట్టడం కుదరదు. నిశ్చలజలమనే షరతును ఒక్క మాటలో చెప్పి ఉంటే బాగుండేది.

తీసివేతలో వచ్చే గుర్తును కూడా పరిశీలించాలి. బోయా భారం 20 కిలోన్యూటన్లని అనుకుంటే తన్యత ఋణసంఖ్యగా వస్తుంది. తాడు లాగగలదే కాని నెట్టలేదు. కాబట్టి ఆ ఋణగుర్తు తన్యతను తెలపదు. బోయా మునిగి అడుగున కూర్చున్నదనీ, తాడు వదులై పడి ఉన్నదనీ తెలుపుతుంది.

లంగరు విషయాన్ని ఒక బక్కెట్టు నీటితో పరీక్షించవచ్చు. టేబుల్ టెన్నిస్ బంతి వ్యాసం 4 సెంటీమీటర్లు, బరువు 2.7 గ్రాములు. పూర్తిగా ముంచితే అది 33.5 గ్రాముల నీటిని తొలగిస్తుంది. అంటే దారాన్ని సుమారు 31 గ్రాముల బరువుతో పైకి లాగుతుంది. 40 గ్రాముల నల్లరాతి ముక్కను దారంతో దానికి కట్టి నీటిలో వదలితే, 31 కంటె 40 ఎక్కువే అయినా రాయి అడుగున నిలవదు. నీటిలో దాని బరువు 25 గ్రాములే గనుక బంతి దానిని మోసుకొని తేలుతుంది. 60 గ్రాముల రాయి కడితే బంతి మునిగి నిలుస్తుంది. తరువాత బక్కెట్టులో ఎంత నీరు పోసినా ఆ రాయి లేవదు. పాఠ్యగ్రంథపు సమస్య 9.35 దగ్గర ఆగిపోయింది. ఈ రెండు రాళ్లను చూసిన విద్యార్థి మాత్రం లంగరు ఎంత ఉండాలనే తరువాతి ప్రశ్నను తానే అడుగుతాడు.