మూడో సంతకం

నాన్న పోయాక ఇల్లు అమ్మాలా, ఉంచాలా అని ఇద్దరన్నదమ్ములు తేల్చుకునే కథ ఒకటి రాసి నెల రోజులు సొరుగులో పడేశాను. మళ్లీ తీసి చదివితే మూడో పేజీకే విసుగొచ్చింది. ఊళ్లో ఉన్న తమ్ముడు ఉంచుదామంటాడు, హైదరాబాద్ నుంచి దిగిన అన్న అమ్ముదామంటాడు. మంచివాడెవరో మొదట్లోనే తేలిపోయాక పాఠకుడు ఇంక దేనికోసం చదవాలి?

వాదాలు తారుమారు చేశాను. ఇప్పుడు అమ్ముదామనేది తమ్ముడు. ఏటా వేసవిలో మనుషుల్ని పెట్టి పెంకు దించి, కోతులు పగలగొట్టినవి ఏరేసి, చెదపట్టిన వాసం మార్పించి మళ్లీ నేయించేది అతనే. ఆ రకం పెంకు ఇప్పుడు దొరకదు. పాత ఇల్లు ఎక్కడ కూలుస్తున్నారో వాకబు చేసి తెచ్చుకోవాలి. ఇవన్నీ తెలిశాక, మొదట రెండు పేజీలు వాదించిన మనిషికి ఒక్క మాట సరిపోయింది: “అన్నయ్యా, నువ్వు పండక్కొస్తావు. వాన నాకొస్తుంది.”

అన్నకీ అంత బరువైన మాటే ఇవ్వాలి, లేకపోతే కథ అటు ఒరిగిపోతుంది. చిన్ననాటి జ్ఞాపకాలన్నీ ఏకరువు పెట్టించి చూశాను, అతకలేదు. చివరికి అతనిచేత ఇంతే అనిపించాను: “ఇల్లమ్మేస్తే ఊరొచ్చినప్పుడు ఎక్కడ దిగాలిరా నేను?” తమ్ముడు “మా ఇంట్లో” అంటాడు. ఆ “మా” దగ్గర ఇద్దరూ ఆగిపోతారు.

కథ కుదిరిందనుకుని, దస్తావేజులు రాసే మిత్రుడికి చదివి వినిపించాను. అంతా విని, “వీళ్లకి ఆడతోబుట్టువు లేదా?” అన్నాడు. ఉంది. రెండో పేజీలో కాఫీ ఇచ్చి లోపలికెళ్లింది. “తండ్రి సొంత సంపాదనతో కట్టి, వీలునామా రాయకుండా పోతే 1956 చట్టం ప్రకారం కూతురికీ కొడుకులతో సమానవాటా. తల్లి ఉంటే ఆవిడకీ. ఆ అమ్మాయి సంతకం లేకుండా కొనడానికి తెలివైనవాడెవడూ ముందుకు రాడు” అన్నాడు.

తల్లిని నేను కథకు ముందే చంపేశాను, రాయడం సులువని. చెల్లెల్ని వంటింట్లో పెట్టాను, అదీ అందుకే. ఇద్దరన్నదమ్ములు రాత్రంతా తేల్చుకుంటున్న విషయం వాళ్లిద్దరే తేల్చేది కాదని నాకే తట్టలేదు.

ముగింపు మార్చాను. తెల్లవారాక అన్నదమ్ములు ఒక మాటకొచ్చి చెల్లెల్ని పిలుస్తారు. ఆమె ఈసారి కాఫీ తేలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, “ఏమనుకున్నారు?” అని అడుగుతుంది. కథ అక్కడితో ఆపాను. అన్నదమ్ముల ఆస్తి కథ రాస్తున్నవాళ్లెవరైనా ముందు ఒక తెల్లకాగితం మీద వారసుల పేర్లన్నీ రాసుకోండి. ఏ పేరుకైనా మాట లేకపోతే, కథ ఇంకా పూర్తి కాలేదని లెక్క.